ఎన్‌పీఎస్ నుంచి ఏకమొత్తం ఎంత తీసుకోవాలి, పెన్షన్‌కు ఎంత వదలాలి: పన్ను లెక్కతో చూస్తే

భాస్కర్, విశాఖపట్నం | 5 జనవరి 2026

సభ్యులందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు ఔషధ కంపెనీలో పనిచేస్తున్న నాకు ఈ మార్చి నెలాఖరుకు 60 ఏళ్లు నిండి పదవీ విరమణ జరుగుతుంది. ఎన్‌పీఎస్ ఖాతాలో ఇప్పటికి సుమారు 90 లక్షల రూపాయలు ఉన్నాయి. ఇది కాక, భవిష్య నిధి నుంచి 72 లక్షలు వస్తాయి. ఆ సొమ్మును బ్యాంకులో 7 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని అనుకుంటున్నాను. మేడమీది వాటా అద్దె నెలకు 40,000 వస్తోంది.

ఇంతకాలం 60 శాతం చేతికి తీసుకుని 40 శాతంతో యాన్యుటీ, అంటే బీమా సంస్థ జీవితాంతం ఇచ్చే పెన్షన్, కొనాలన్న నిబంధన ఉండేది కాబట్టి ఆలోచించడానికేమీ ఉండేది కాదు. గత డిసెంబరులో వచ్చిన సవరణ ప్రకారం ప్రభుత్వేతర చందాదారులు, నిధి 12 లక్షలు దాటినప్పుడు, 80 శాతం వరకు ఏకమొత్తంగా తీసుకుని 20 శాతంతోనే యాన్యుటీ కొనవచ్చు. ఆఫీసులో అందరూ 80 శాతం తీసేసుకోమనే చెబుతున్నారు, ఎందుకంటే వారి దృష్టిలో పెన్షన్ మీద జీవితాంతం పన్ను పడుతుంది, ఏకమొత్తం మీద పడదు. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో తెలిసినవారు చెప్పగలరా?

కిరణ్, కూకట్‌పల్లి | 5 జనవరి 2026

భాస్కర్ గారు, మీ ఆఫీసువారి మాటే సరైనదని నా అభిప్రాయం. ఎన్‌పీఎస్ ఏకమొత్తానికి పన్ను లేదు, యాన్యుటీగా వచ్చే ప్రతి రూపాయికీ స్లాబు ప్రకారం పన్ను ఉంది. అంటే 72 లక్షలు చేతికి తీసుకుంటే పన్ను సున్నా. మిగిలిన 18 లక్షల మీద వచ్చే చిన్న పెన్షన్‌కు కూడా జీతంలాగే 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు దొరుకుతుంది కాబట్టి దాని మీద కూడా పెద్దగా కట్టవలసింది ఉండదు. కనుక 80 శాతమే తీసుకోండి.

రామారావు, విజయవాడ (రైల్వే విశ్రాంత ఉద్యోగి) | 5 జనవరి 2026

నేను పదవీ విరమణ చేసినప్పుడు నాకూ ఇదే ప్రశ్న ఎదురైంది. నా మూల పెన్షన్ 50,000 రూపాయలు. అందులో 40 శాతం, అంటే నెలకు 20,000, కమ్యూట్ చేసుకున్నాను, అంటే ఆ భాగాన్ని వదులుకుని బదులుగా ఒకేసారి ఏకమొత్తం తీసుకున్నాను. 60 ఏళ్లకు విరమించినవారికి వర్తించే గుణకం 8.194 కాబట్టి 20,000ను 12తోను, 8.194తోను హెచ్చవేసి 19,66,560 రూపాయలు ఇచ్చారు. దాని మీద ఒక్క రూపాయి పన్ను పడలేదు. కమ్యూట్ చేసిన భాగం 15 ఏళ్ల తర్వాత తిరిగి వస్తుంది. భాస్కర్ గారు కూడా నిస్సంకోచంగా కమ్యూట్ చేసుకోవచ్చు.

పద్మావతి, వరంగల్ (చార్టర్డ్ అకౌంటెంట్) | 6 జనవరి 2026

రామారావు గారు చెప్పినది కేంద్ర ప్రభుత్వ పెన్షన్‌లోని కమ్యుటేషన్ గురించి. భాస్కర్ గారి ఎన్‌పీఎస్‌లో కమ్యుటేషన్ అన్న ప్రశ్నే లేదు. అయినా ఆ ఉదాహరణలో మనకు పనికివచ్చే అంశం ఒకటి ఉంది కనుక దానికి తర్వాత వస్తాను.

ముందు కిరణ్ గారి సమాధానంలో దిద్దవలసినవి రెండున్నాయి. మొదటిది, ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 10(12ఏ) ఎన్‌పీఎస్ మూసివేసేటప్పుడు వచ్చే మొత్తంలో 60 శాతం వరకే మినహాయింపు ఇస్తుంది. పెన్షన్ నియంత్రణ సంస్థ తన నిబంధనను 80 శాతానికి పెంచింది కాని, ఈ రోజు వరకు పన్ను చట్టంలోని 60 శాతం అన్న అంకె మారలేదు. తీసుకోవడానికి అనుమతి ఉండటం వేరు, దానికి పన్ను లేకపోవడం వేరు. ఆ అదనపు 20 శాతాన్ని, అంటే భాస్కర్ గారి విషయంలో 18 లక్షలను, తీసుకున్న సంవత్సరపు ఆదాయంలో కలిపి పన్ను వేస్తారనే లెక్కతోనే ప్రస్తుతానికి నిర్ణయం తీసుకోవాలి. రానున్న బడ్జెట్‌లో దీన్ని సరిచేస్తారని చాలామంది ఆశిస్తున్నారు, కాని ఆశ మీద విత్‌డ్రాయల్ ఫారం నింపకూడదు.

రెండవది, 75,000 తగ్గింపు జీతానికి, యజమాని ఇచ్చే పెన్షన్‌కు వర్తిస్తుంది. బీమా సంస్థ ఇచ్చే యాన్యుటీని సాధారణంగా ‘ఇతర వనరుల ఆదాయం’ కింద చూపుతారు కాబట్టి దానికి ఆ తగ్గింపు ఉండదు. దీని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నమాట నిజమే. నా క్లయింట్లకు మాత్రం ఆ తగ్గింపును లెక్కలోకి తీసుకోకుండానే ప్రణాళిక వేస్తాను, ఎందుకంటే నోటీసు వచ్చాక వాదించుకునే ఓపిక ఆ వయసులో అందరికీ ఉండదు.

ఇక అసలు లెక్కకు వస్తాను. కొత్త పన్ను విధానంలో ఈ ఆర్థిక సంవత్సరానికి 4 లక్షల వరకు పన్ను లేదు, ఆ పైన ప్రతి 4 లక్షలకూ 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరిగి, 24 లక్షలు దాటినదానికి 30 శాతం అవుతుంది. మొత్తం ఆదాయం 12 లక్షలు మించకపోతే రాయితీ వల్ల కట్టవలసిన పన్ను సున్నా. పెన్షన్‌దారుల ప్రణాళికంతా ఈ 12 లక్షల గీత చుట్టూనే తిరుగుతుంది.

భాస్కర్ గారి అద్దె ఏడాదికి 4,80,000. అందులో 30 శాతం తగ్గింపు పోతే 3,36,000. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ 5,04,000. రెండూ కలిపి 8,40,000. పాత పద్ధతిలోనే 40 శాతంతో, అంటే 36 లక్షలతో యాన్యుటీ కొన్నారనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి లక్షకు ఏటా 7,000 అనుకుంటే 2,52,000 వస్తుంది. మొత్తం 10,92,000. ఇది 12 లక్షల లోపే ఉంది. అంటే ఆయన యాన్యుటీకి ‘జీవితాంతం పన్ను’ అన్నది కాగితం మీద ఉన్నమాటే కాని, ఆయన జేబులోంచి పోయే పన్ను సున్నా.

ఇప్పుడు 80 శాతం తీసుకుంటే ఏమవుతుందో చూడండి. 8,40,000కు 18 లక్షలు కలిస్తే ఆ ఏడాది ఆదాయం 26,40,000 అవుతుంది. ఆ ఏడాది యాన్యుటీని కలపకుండానే, సెస్సుతో సహా పన్ను 3,86,880. చేతిలో మిగిలేది 14,13,120. దాన్ని 7 శాతానికి డిపాజిట్ చేస్తే ఏడాదికి దాదాపు 98,900 వస్తుంది. అదే 18 లక్షలను యాన్యుటీలో ఉంచితే 1,26,000 వస్తుంది. పైగా కొనుగోలు ధర తిరిగి ఇచ్చే యాన్యుటీ అయితే వారసులకు 18 లక్షలూ దక్కుతాయి, డిపాజిట్‌లో 14 లక్షల చిల్లర మాత్రమే దక్కుతుంది.

కిరణ్, కూకట్‌పల్లి | 6 జనవరి 2026

60 శాతం విషయం గమనించలేదు, ధన్యవాదాలు. అయితే ఇది తక్కువ ఆదాయం ఉన్నవారికే వర్తిస్తుంది కదా? మా మామగారికి షాపుల అద్దెల మీద తగ్గింపు పోయాక కూడా ఏడాదికి 30 లక్షల పైనే ఆదాయం ఉంటుంది. ఆయన యాన్యుటీ మీద ఏటా 31.2 శాతం కట్టడం కంటే, ఒకేసారి కట్టేసి చేతులు దులుపుకోవడం మేలు కాదా?

పద్మావతి, వరంగల్ | 6 జనవరి 2026

చాలామంది అలాగే అనుకుంటారు, అందుకే దాన్ని అంకెల్లో చూడటం మంచిది. అదే 18 లక్షలు తీసుకుందాం. ఏకమొత్తంగా తీసుకుంటే 31.2 శాతం చొప్పున 5,61,600 పన్ను పోయి 12,38,400 మిగులుతుంది. దాని మీద 7 శాతం వడ్డీ 86,688. ఆ వడ్డీ మీద మళ్లీ 31.2 శాతం పోతే సుమారు 59,600 చేతికి వస్తుంది. యాన్యుటీలో ఉంచితే 1,26,000 మీద పన్ను పోగా 86,688 చేతికి వస్తుంది. ఒకే శాతం పన్ను అయినప్పుడు ముందే అసలు మీద కట్టి, తర్వాత దాని వడ్డీ మీద మళ్లీ కట్టేవాడు నష్టపోతాడు.

అయితే మీ అనుమానం నిజమయ్యే చోటు ఒకటుంది. కొనుగోలు ధర తిరిగి ఇవ్వని యాన్యుటీలో ఏటా వచ్చే మొత్తం ఎక్కువగా కనిపిస్తుంది, కాని అందులో కొంత భాగం మన సొంత అసలే తిరిగి వస్తున్నట్టు. పన్ను మాత్రం మొత్తం మీదా పడుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ అసలును తీసుకుంటే పన్ను లేదు, యాన్యుటీ రూపంలో అదే అసలు వస్తే పన్ను ఉంది. కాబట్టి 30 శాతం స్లాబులో ఉన్నవారు, పన్ను లేకుండా తీసుకోగల 60 శాతంలో నుంచి కూడా స్వచ్ఛందంగా అలాంటి యాన్యుటీ కొంటే అది తప్పు ఎంపిక అవుతుంది. 12 లక్షల లోపు ఉన్నవారికి ఈ తేడా పట్టదు.

రామారావు, విజయవాడ | 7 జనవరి 2026

నా ఉదాహరణ గురించి తర్వాత చెబుతానన్నారు. నా కమ్యుటేషన్‌లో ఏదైనా పొరపాటు ఉందా అమ్మా?

పద్మావతి, వరంగల్ | 7 జనవరి 2026

పొరపాటు ఏమీ లేదండి. ప్రభుత్వ ఉద్యోగి కమ్యూట్ చేసిన మొత్తానికి పూర్తి మినహాయింపు ఉన్నమాట నిజం. అయితే పన్ను లేకపోవడమే లాభమని మీరు రాసినదాన్ని కొంచెం తరచి చూడాలి. మీరు 19,66,560 తీసుకుని 15 ఏళ్లపాటు నెలకు 20,000 వదులుకున్నారు, అంటే మొత్తం 36 లక్షలు. ఇది సుమారు 9 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నట్టు. ఈ 15 ఏళ్లలో పన్ను పడేది కోత పోగా మిగిలిన పెన్షన్ మీదే. కనుక 30 శాతం స్లాబులో ఉన్న అధికారి వదులుకునే 20,000లో పన్ను పోగా ఆయన నిజంగా కోల్పోయేది 13,760 మాత్రమే. ఆయన లెక్కలో అదే అప్పు 3 శాతానికి కాస్త పైన పడుతుంది, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

మీ విషయంలో కరువు భృతి కలిపినా ఏడాది పెన్షన్ 12 లక్షలకు చాలా దూరంలో ఉంటుంది. కమ్యూట్ చేయకపోయినా ఇప్పటి విధానంలో మీకు పన్ను పడదు. అంటే మీ కమ్యుటేషన్‌కు పన్ను వైపు నుంచి దక్కిన లాభం ఏమీ లేదు, మీకు అది 9 శాతం అప్పే. ఆ డబ్బుతో అంతకంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు తీర్చి ఉంటే మంచిదే. 15 ఏళ్లలోపు పెన్షన్‌దారుడు మరణిస్తే మిగిలిన కోతను కుటుంబ పెన్షన్ నుంచి వసూలు చేయరన్నది కూడా లెక్కలోకి రావలసిన విషయమే, కాని అది పన్నుకు సంబంధించినది కాదు.

రామారావు, విజయవాడ | 7 జనవరి 2026

ఆ డబ్బుతో పెద్దమ్మాయి పెళ్లి చేశాను. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చే బదులు ఇది వాడాను కాబట్టి నాకు నష్టమని అనిపించడం లేదు. అయితే పన్ను లేదన్నది నా విషయంలో కారణం కాదన్న సంగతి ఇప్పుడే అర్థమైంది.

సుబ్బలక్ష్మి, రాజమహేంద్రవరం (విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని) | 7 జనవరి 2026

పద్మావతి గారి లెక్కలో నాకు ఒక లోపం కనిపిస్తోంది. భాస్కర్ గారు పన్ను లేకుండా తీసుకునే 54 లక్షలను ఏం చేస్తారన్నది అందులో లేదు. విరమణ పొందిన పది మందిలో తొమ్మిది మంది మొదట చేసే పని సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో గరిష్ఠ పరిమితి 30 లక్షలు వేయడం. కౌంటర్లో కూర్చుని ఎన్ని ఫారాలు నింపించానో లెక్కలేదు. 8.2 శాతం చొప్పున ఏడాదికి 2,46,000 వడ్డీ వస్తుంది. అది 10,92,000కు కలిస్తే 13,38,000 అవుతుంది. అప్పుడు మీరు చెప్పిన సున్నా పన్ను ఎక్కడ మిగిలింది?

పద్మావతి, వరంగల్ | 8 జనవరి 2026

చాలా సరిగ్గా పట్టుకున్నారు సుబ్బలక్ష్మి గారు. ఏకమొత్తానికి పన్ను లేదు కాని, దాని వడ్డీకి ఉంది. ఆ వడ్డీ, పెన్షన్ రెండూ ఒకే 12 లక్షల గీత కింద చోటు కోసం పోటీ పడతాయి. 13,38,000 మీద పన్ను సెస్సుతో 83,928. అంటే 2,46,000 వడ్డీలో మూడో వంతుకు పైగా పోయినట్టు. ఫారం మీద 8.2 శాతం అని ఉన్నా, పన్ను పోయాక ఆయనకు దక్కేది ఐదున్నర శాతం కంటే తక్కువే.

గీత దాటిన వెంటనే పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఆదాయం 12,30,000 అయితే మామూలు లెక్కన పన్ను 64,500. కాని చట్టంలోని మార్జినల్ రిలీఫ్ వల్ల గీత దాటిన 30,000కు మించి వసూలు చేయరు. వినడానికి ఇది ఉపకారంగానే ఉంటుంది. దాని అర్థం మాత్రం ఆ 30,000 మొత్తం పన్నుగానే పోతుందని. 12 లక్షల నుంచి సుమారు 12,70,000 వరకు అదనంగా సంపాదించిన ప్రతి రూపాయీ, సెస్సుతో కలిపితే రూపాయి కంటే కొంచెం ఎక్కువే, పన్నుకు పోతుంది. ఈ 70,000 మేర వడ్డీ తెచ్చే డిపాజిట్ వేసుకోవడం కంటే ఆ డబ్బు వడ్డీ రాని చోట ఉన్నా నష్టం లేదు.

కాబట్టి భాస్కర్ గారికి నేను చెప్పేది ఇది. 10,92,000 తర్వాత 12 లక్షలకు ఇంకా 1,08,000 చోటుంది. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో 13 లక్షలు వేస్తే వడ్డీ 1,06,600, మొత్తం 11,98,600. అక్కడితో ఆగాలి. మిగిలిన 41 లక్షలను ఏటా వడ్డీ పంచని చోట ఉంచాలి.

కిరణ్, కూకట్‌పల్లి | 8 జనవరి 2026

మిగిలిన 41 లక్షల్లో 30 లక్షలను భార్య పేరు మీద సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో వేస్తే సరిపోతుంది కదా? ఆమెకు వేరే ఆదాయం లేకపోతే ఆమెకూ 12 లక్షల వరకు పన్ను లేదు.

పద్మావతి, వరంగల్ | 8 జనవరి 2026

భర్త ప్రతిఫలం లేకుండా ఇచ్చిన డబ్బు మీద భార్యకు వచ్చే వడ్డీని భర్త ఆదాయంలోనే కలుపుతారు, కాబట్టి గీత అక్కడే దాటుతుంది. ఆమె ఆ వడ్డీని తిరిగి పెట్టుబడి పెట్టగా దాని మీద వచ్చేది మాత్రం ఆమె ఆదాయమే. మీ ఆలోచన పెళ్లయి స్థిరపడ్డ పిల్లలకు ఇచ్చిన డబ్బు విషయంలో పనిచేస్తుంది కాని, అప్పుడు ఆ డబ్బు నిజంగానే వారిదైపోతుంది. దానికి సిద్ధపడ్డవారిని నేను ఎక్కువమందిని చూడలేదు.

శేషు, న్యూజెర్సీ | 8 జనవరి 2026

ఇక్కడ నాది 401(కె) ఖాతా, అంటే అమెరికాలో ఉద్యోగులు పదవీ విరమణ కోసం పొదుపు చేసుకునే ఖాతా. అందులో మొత్తం ఒకేసారి తీసినా, నెలనెలా తీసినా అమెరికా పన్ను లెక్కలో అది మామూలు ఆదాయమే, మీకున్నట్టు ఏకమొత్తానికి 60 శాతం మినహాయింపు ఉండదు. అందువల్ల ఒకే ఏడాదిలో తీస్తే పై శ్లాబుల్లోకి వెళ్లిపోతామని, ఏళ్ల తరబడి సర్దుకుంటూ తీయడమే మంచిదని ఇక్కడ అందరూ చెబుతారు. నేను మూడేళ్లలో హైదరాబాద్ వచ్చేయాలని అనుకుంటున్నాను. వచ్చాక తీస్తే భారత్‌లో కూడా పన్ను పడుతుందా?

వేదిక నిర్వాహకుడు | 8 జనవరి 2026

శేషు గారు, మీ ప్రశ్న విలువైనదే కాని, ప్రవాసుల పన్ను విభాగంలో కొత్త చర్చగా పెట్టవలసిందిగా మనవి. సెక్షన్ 89ఏ, ఫారం 10-ఈఈ గురించి అక్కడ ఇప్పటికే కొన్ని చర్చలు ఉన్నాయి.

భాస్కర్, విశాఖపట్నం | 9 జనవరి 2026

పద్మావతి గారు, ఏటా వడ్డీ పంచని చోటు అన్నారు. ఎక్కడ? నాకు షేర్ మార్కెట్ అంటే కొంచెం భయం. మరొకటి, మార్చిలో విరమణ కాగానే ఎన్‌పీఎస్ కూడా మూసేయమని మా హెచ్‌ఆర్ వారు ఫారం పంపారు. ఈ ఏడాది నా జీతం 26 లక్షలు.

పద్మావతి, వరంగల్ | 9 జనవరి 2026

రెండవ ప్రశ్న అత్యవసరం కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను. ఆ ఫారం మార్చిలో సంతకం చేయకండి. పదవీ విరమణ అయినంత మాత్రాన ఎన్‌పీఎస్ మూసేయాలన్న నిబంధన లేదు, కొనసాగించవచ్చు. ఒకవేళ 80 శాతం ఎంచుకుని మార్చి 31 లోపు సొమ్ము తీసుకుంటే, మీ జీతం ఇప్పటికే 24 లక్షలు దాటింది కాబట్టి ఆ 18 లక్షల మీద పూర్తిగా 31.2 శాతం, అంటే 5,61,600 పోతుంది. అదే ఏప్రిల్ తర్వాత అయితే, స్లాబులు ఇలాగే ఉన్నంతవరకు, 3,86,880. నాలుగు రోజుల తేడాకు 1,74,720 రూపాయలు. 60 శాతమే తీసుకునేవారికి ఈ తేడా రాదు, కాని మీరు ఇంకా తేల్చుకోలేదు కదా.

ఇక మొదటి ప్రశ్న. అన్నిటికంటే సులువైనది, 60 శాతం భాగాన్ని ఎన్‌పీఎస్ లోపలే ఉంచి, నెలకో ఏడాదికో కొంచెం చొప్పున తీసుకోవడం. 2023 అక్టోబరు నుంచి ఆ సౌకర్యం ఉంది. లోపల ఉన్నంతకాలం వృద్ధి మీద పన్ను పడదు. షేర్లు వద్దనుకుంటే ప్రభుత్వ బాండ్లు, కార్పొరేట్ బాండ్ల ఫండ్లకు మార్చుకోవచ్చు.

రెండవది, డెట్ మ్యూచువల్ ఫండ్. 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ 7 శాతానికి ఏడాదిలో 84,000 వడ్డీ ఇస్తుంది, ఆ మొత్తం మీ ఆదాయంలో చేరుతుంది. అదే 12 లక్షలు ఫండ్‌లో 7 శాతం పెరిగి 12,84,000 అయ్యాక మీరు 84,000 వెనక్కి తీసుకుంటే, అందులో లాభం భాగం సుమారు 5,500 మాత్రమే ఆదాయంగా చేరుతుంది, మిగిలినది మీ అసలు. ఫండ్‌కు గ్యారంటీ లేదు, లాభం భాగం ఏటికేడు పెరుగుతుంది, పన్ను మాసిపోదు, వాయిదా పడుతుంది. కాని 12 లక్షల గీత దగ్గర ఉన్నవారికి వాయిదాకే విలువ. షేర్ల ఫండ్లలో దీర్ఘకాలిక లాభం 1,25,000 దాటితే 12.5 శాతం పన్ను ఉంటుంది, దానికి 12 లక్షల రాయితీ వర్తించదు. ఆ తేడా తెలియక ఆదాయం తక్కువే కదా అనుకుని రిటర్న్ వేసేటప్పుడు తెల్లబోయినవారు ఉన్నారు.

సుబ్బలక్ష్మి, రాజమహేంద్రవరం | 10 జనవరి 2026

నా దృష్టిలో అసలు సమస్య ఎన్‌పీఎస్ కాదు, ఆ 72 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్. 12 లక్షల చోటులో 5 లక్షలు దానికే పోతున్నాయి. అందులో సగం వేరే చోటికి మారిస్తే రెండున్నర లక్షల చోటు ఖాళీ అయి, మొత్తం 30 లక్షలూ సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో పెట్టుకోవడానికి సరిపోతుంది. 7 శాతం తెచ్చేది గీత కింద ఉండి 8.2 శాతం తెచ్చేది బయట ఉండటంలో అర్థం లేదు.

పద్మావతి, వరంగల్ | 10 జనవరి 2026

పూర్తిగా ఏకీభవిస్తున్నాను. గీత కింద ఉన్న చోటును ఎక్కువ వడ్డీ ఉన్నదానితోను, తప్పనిసరి యాన్యుటీతోను నింపి, తక్కువ వడ్డీ డిపాజిట్లను తగ్గించడమే సరైన వరస. కొంత డిపాజిట్ మాత్రం ఆసుపత్రి ఖర్చులకని బ్యాంకులోనే ఉండాలి.

కిరణ్, కూకట్‌పల్లి | 10 జనవరి 2026

ఎన్‌పీఎస్ నుంచి విడతలవారీగా తీసుకునే దానికి కూడా పన్ను లేదని చట్టంలో రాసి ఉందా? సెక్షన్ 10(12ఏ) చదివితే ఖాతా మూసివేతప్పుడు ఇచ్చే చెల్లింపు అన్నట్టుగా ఉంది. విడతలంటే ఖాతా మూసినట్టు కాదు కదా.

పద్మావతి, వరంగల్ | 10 జనవరి 2026

మంచి ప్రశ్న వేశారు. ఆచరణలో 60 శాతం పరిమితి లోపల విడతలుగా తీసుకున్నదాన్ని కూడా మినహాయింపు ఉన్నదిగానే అందరూ రిటర్నుల్లో చూపుతున్నారు, నేనూ అలాగే చూపుతున్నాను. కాని చట్టంలోని మాటలను పట్టుపట్టి చదివే అధికారి ఎదురైతే మీరు లేవనెత్తిన వాదనకు తావుంది. దీని మీద కచ్చితమైన వివరణ వస్తే బాగుంటుంది. అంతవరకు భాస్కర్ గారు ప్రతి విడతకూ వచ్చే స్టేట్‌మెంట్లను, మొత్తం నిధిలో ఎంత శాతం తీసుకున్నారన్న లెక్కను భద్రపరచుకోవాలి.

భాస్కర్, విశాఖపట్నం | 11 జనవరి 2026

అందరికీ కృతజ్ఞతలు. హెచ్‌ఆర్ ఫారం వెనక్కి పంపేశాను. ఫిబ్రవరి 1 బడ్జెట్ చూసి, 80 శాతానికి పన్ను మినహాయింపు ప్రకటిస్తే అదనపు 18 లక్షల సంగతి మళ్లీ ఆలోచిస్తాను. లేకపోతే 40 శాతం యాన్యుటీకే ఉంచుతాను. భవిష్య నిధి సొమ్ములో సగమే డిపాజిట్ చేస్తాను. యాన్యుటీలో భార్యాభర్తలిద్దరికీ వచ్చేదే తీసుకోవాలని మా ఆవిడ పట్టుదల. దాని వల్ల లక్షకు వచ్చే మొత్తం కొంచెం తగ్గుతుందని ఏజెంటు చెప్పారు. నా తర్వాత ఆమెకు వచ్చే యాన్యుటీకి పన్ను ఎలా?

పద్మావతి, వరంగల్ | 11 జనవరి 2026

అప్పుడు అది ఆమె సొంత ఆదాయం అవుతుంది, ఆమె 12 లక్షల గీతే దానికి వర్తిస్తుంది. అయితే ఆమెకు అద్దె, మీ డిపాజిట్ల వడ్డీ కూడా అప్పటికి ఒకే చేతికి చేరతాయి, ఇద్దరి ఖర్చు కాస్తా ఒకరి ఖర్చు అవుతుంది కాని ఆదాయం మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి ఆమె పేరు మీద ఆ రోజుకు ఎంత జమ కూడుతుందో ఇప్పుడే ఒక కాగితం మీద వేసి చూసుకోండి. ఏజెంటు చెప్పిన తగ్గుదల లక్షకు ఎంతో కూడా రాయండి, దాన్ని బట్టి చెబుతాను.